ముక్కూమొహం తెలియని సీనియర్‌కి నాలుగు వాక్యాలు

సాయంత్రం ఏడు దాటాక హైటెక్ సిటీలో మెట్రో ఎక్కితే సీటు సంగతి మరిచిపోవాల్సిందే. ఒక చేత్తో పైనున్న పట్టీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చూసుకుంటూ నిలబడతాను. మా కాలేజీ పిల్లలు లింక్డ్‌ఇన్‌లో పంపే మెసేజ్‌లు నేను చదివేది ఆ కాసేపట్లోనే. నాది చిప్‌ల రంగంలో వెరిఫికేషన్ పని. చిప్ తయారీకి వెళ్ళకముందే దాని డిజైన్‌లో తప్పులు వెతికి పట్టుకునే పని అన్నమాట. ఇందులోకి ఎలా రావాలని అడుగుతూ ఈసీఈ విద్యార్థులు వారానికి నలుగురైదుగురైనా రాస్తుంటారు. అందరికీ జవాబు ఇవ్వాలనే ఉంటుంది, ఇవ్వలేకపోతున్నాను.

ఒక ఆదివారం కూర్చుని ఎవరికి జవాబు ఇచ్చానో, ఎవరిది వదిలేశానో వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. మార్కులు ఎక్కువున్న పిల్లలకే జవాబు ఇచ్చానా అంటే, లేదు. ఇంగ్లీషు బాగా రాసినవాళ్ళకా అంటే, అదీ లేదు. అమీర్‌పేట వచ్చేలోగా ఒక్క బొటనవేలితో జవాబు కొట్టగలిగిన ప్రతి మెసేజ్‌కీ ఇచ్చాను. "ఇది తీరిగ్గా రాయాలి" అనుకుని పక్కన పెట్టినవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిలో కొన్ని చాలా శ్రద్ధగా, ఎంతో కష్టపడి రాసినవి. అది చూసి నాకు బాధేసింది. ఆ పిల్లలు సీనియర్‌కి పొగరనుకుని ఉంటారు.

నిరుడు నాకు రాసిన ఒకమ్మాయి కథ చెబితే ఈ తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఆమె మెసేజ్‌కి నేను మెట్రోలోనే జవాబిచ్చాను. తర్వాత మాటల మధ్యలో "ఇంత చక్కగా రాయడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగితే, అంతకుముందు ముప్పై మందికి పంపిన పాత మెసేజ్ చూపించింది. ముప్పైలో ఒక్కరే పలికారట, అదీ "ఆల్ ది బెస్ట్" అని. ఆ పాతది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇలా:

"గౌరవనీయులైన సర్, మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేను ఈసీఈ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. నా సీజీపీఏ 8.4. నాకు వీఎల్‌ఎస్‌ఐ అంటే చాలా ఆసక్తి. నేను కష్టపడే స్వభావం గలదానిని, ఏదైనా త్వరగా నేర్చుకుంటాను. ఈ రంగంలో ఎలా ఎదగాలో దయచేసి గైడ్ చేయగలరు. మీ కంపెనీలో అవకాశాలుంటే రిఫర్ చేయగలరు. నా రెజ్యూమె జతచేశాను. మీ విలువైన సమయానికి కృతజ్ఞతలు."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. బడిలో సెలవు చీటీ రాయడం నేర్పిన పద్ధతి ఇదే, మర్యాదకు లోటు లేదు. అయితే ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనిపించేది మొదటి పది మాటలే. ఆ పది మాటలూ ఇక్కడ గౌరవానికీ క్షేమ సమాచారానికీ అయిపోయాయి. ఇది ఎవరో, ఏ కాలేజీయో తెలియాలంటే తెరవాలి. తెరిచినా ఏ కాలేజీయో లేదు! తను చదివేది నేను చదివిన కాలేజీలోనే అన్న సంగతి, నా చూపు ఠక్కున ఆగేలా చేసే ఒకే ఒక్క సంగతి, రెజ్యూమె లోపల ఎక్కడో ఉంది.

ఇక "ఎలా ఎదగాలో గైడ్ చేయండి" అన్న వాక్యం. అడగడానికి నాలుగు మాటలు, జవాబు చెప్పాలంటే గంట. ముందు ఆమెకు ఏం వచ్చో తెలియాలి, ఎంటెక్ చేసే వీలుందో లేదో తెలియాలి, ఇంట్లో పరిస్థితి తెలియాలి. ఇవన్నీ అడిగి తెలుసుకునే పని నా నెత్తిన పడింది. చేతిలో పట్టీ, ఎదురుగా మాదాపూర్ స్టేషన్. తీరిగ్గా చూద్దామనుకుంటాను, అంతే.

అదే అమ్మాయి నాకు పంపింది ఇది:

"నమస్తే సర్. నేను మన కాలేజీలో ఈసీఈ ఫైనల్ ఇయర్. మీరు ఎంటెక్ చేయకుండా, రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండి వెరిఫికేషన్‌కి మారారని ప్రొఫైల్‌లో చూశాను. నేను మూడు నెలలుగా సిస్టమ్ వెరిలాగ్ సొంతంగా నేర్చుకుంటున్నాను, ఒక ఫిఫోకి టెస్ట్‌బెంచ్ రాశాను. మీరు మారేటప్పుడు ఇంటర్వ్యూల్లో ఎక్కువ అడిగింది డిజిటల్ బేసిక్సా, సిస్టమ్ వెరిలాగా? రెండు ముక్కల్లో చెప్పినా చాలు సర్."

నేనిచ్చిన జవాబు: "బేసిక్సే. ఫిఫో డెప్త్ లెక్కలు, సెటప్-హోల్డ్, ఎఫ్‌ఎస్‌ఎం. అవునూ, నీ టెస్ట్‌బెంచ్‌లో ఫుల్, ఎంప్టీ రెండూ చెక్ చేశావా?"

ఫిఫో అంటే ముందు వచ్చిన డేటా ముందు బయటికి వెళ్ళేలా కట్టిన చిన్న నిల్వ గది. అది నిండాక ఇంకా తోసినా, ఖాళీ అయ్యాక ఇంకా లాగినా ఏమవుతుందో చూడటమే అసలు పరీక్ష. ఆమె "నేనొక ఫిఫో చేశాను" అన్నందుకే నాకా ప్రశ్న పుట్టింది. నేను తిరిగి ప్రశ్న అడిగాను కాబట్టి ఆమె మళ్ళీ రాయడానికి దారి ఏర్పడింది. "నాకు చాలా ఆసక్తి" అన్న మాటకు ఎదుటివాళ్ళ దగ్గర తిరుగు ప్రశ్న ఉండదు. చేసిన పని ఎంత చిన్నదైనా చెబితే దాన్ని పట్టుకుని మాట్లాడబుద్ధేస్తుంది.

ఆ నాలుగైదు వాక్యాల్లో ఒక్కొక్కటీ ఒక్కో పని చేస్తోంది. మొదటిది ఆమె ఎవరో చెప్పింది. రెండోది, అందరికీ పంపే మెసేజ్ కాదని తెలిపింది. నా ప్రొఫైల్ చూడకుండా ఆ వాక్యం రాయడం కుదరదు. మూడోది ఆమె అప్పటికే నడక మొదలుపెట్టిందని చూపింది. నాలుగోది అడిగింది. ఆఖరిది నన్ను తేలిక చేసింది. ఆ ఆఖరి వాక్యాన్ని చాలామంది తీసిపారేస్తారు గానీ నా దృష్టిలో దాని విలువ చాలా ఎక్కువ. పెద్ద జవాబు ఇవ్వలేనప్పుడు చిన్న జవాబు ఇవ్వడం మర్యాద కాదేమోనన్న సంకోచం మనవాళ్ళకు ఉంటుంది. రెండు ముక్కలు చాలు అని ముందే చెబితే ఆ సంకోచం పోతుంది.

అడిగిన ప్రశ్నను ఇంకొంచెం దగ్గరగా చూడాలి. "డిజిటల్ బేసిక్సా, సిస్టమ్ వెరిలాగా?" అన్నది నా అనుభవం గురించి. ఆలోచించకుండా, గుర్తుచేసుకుంటే చాలు, జవాబు వచ్చేస్తుంది. ఇదే ప్రశ్న "నేను ఏది చదవాలి?" అని ఉంటే ఆమె భవిష్యత్తు బాధ్యత నా మీద పడేది, నేను తటపటాయించేవాణ్ణి. మరీ "వెరిఫికేషన్ అంటే ఏమిటి సర్?" అని ఉంటే, వెతికితే పది నిమిషాల్లో దొరికేదానికి నన్నెందుకు అడుగుతున్నట్టని అనిపించేది. పుస్తకంలో దొరకనిది, ఎదుటి మనిషి తన జీవితంలోంచి తీసి ఇవ్వగలిగినది, ఒక్కటి అడగాలి. రెండు అడిగితే రెండోది కష్టమైనప్పుడు మొదటిదానికీ జవాబు రాదు.

కెనడాలో పనిచేసిన మహ్దీ రొఘనీజాద్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వెనెస్సా బోన్స్ 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. చిన్న సర్వే నింపమని అపరిచితులను కొందరు ఎదురుగా నిలబడి, కొందరు ఈమెయిల్‌లో అడిగారు. ఎలా అడిగినా దాదాపు ఒకే ఫలితం వస్తుందని అడిగేవాళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే ఎదురుగా అడగడం 34 రెట్లు ఎక్కువ పనిచేసింది. మెయిల్ పంపినవాడికి తన నిజాయితీ తనకు తెలుసు. అందుకున్నవాడికి మాత్రం అది అనుమానించదగ్గ ఒక ముక్క. మన తెలుగులో "ముక్కూమొహం తెలియని" అనే మాట ఉండనే ఉంది. తెర మీద మనకు ముక్కూ లేదు, మొహమూ లేదు. కాలేజీ, బ్రాంచ్, బ్యాచ్ సంవత్సరం, చేసిన ఒక పని, ఇవే అక్కడ మన మొహం. అందుకే అవి మొదటి వరుసలో ఉండాలి. ఈమెయిల్ అయితే సబ్జెక్ట్ దగ్గరే మొదలవ్వాలి: "మన కాలేజీ ఈసీఈ ఫైనల్ ఇయర్ - వెరిఫికేషన్‌కి మారడంపై ఒక ప్రశ్న".

సరే, ఈ సంగతులు ఆ అమ్మాయికి ఎలా తట్టాయి? "ముప్పై మందికి పంపి విసుగొచ్చాక, నాకే ఇలాంటిది వస్తే ఏం చేస్తానా అని చదువుకున్నాను సర్. నాకే జవాబు ఇవ్వాలనిపించలేదు" అంది. తర్వాత చేసిన మొదటి పని మనుషులను మార్చడం. లింక్డ్‌ఇన్‌లో ప్రతి కాలేజీ పేజీలోనూ అలుమ్నై అని ఒక ట్యాబ్ ఉంటుంది. ఎక్కడుంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ పని, ఏ సంవత్సరాల మధ్య చదివారు అని వడపోసుకోవచ్చు. ముందు ఆమె పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళకు రాసింది, పెద్దవాళ్ళైతే పెద్ద సాయం చేస్తారని. ఈసారి తనకంటే మూడు నుంచి ఎనిమిదేళ్ళు ముందున్నవాళ్ళను తీసుకుంది. ఇరవై ఏళ్ళ కింద ఈ రంగంలోకి వచ్చిన డైరెక్టర్‌కి ఇవాళ ఫ్రెషర్‌ని ఇంటర్వ్యూలో ఏమడుగుతున్నారో తెలియకపోవచ్చు. ఐదేళ్ళ సీనియర్‌కి అది ఇంకా నిన్నటి మాట.

రెండో వడపోత నాకు మరీ నచ్చింది. దారిలో మలుపు ఉన్నవాళ్ళను వెతికింది. టెస్టింగ్ నుంచి మారినవాళ్ళు, గేట్ రాసి వదిలేసినవాళ్ళు, మధ్యలో ఏడాది ఖాళీ ఉన్నవాళ్ళు. మలుపు ఉన్నచోట అడగడానికి ఒక ప్రశ్న దానంతటదే దొరుకుతుంది. ఆ మలుపు తిరిగినవాళ్ళకు కూడా దాని గురించి చెప్పాలనే ఉంటుంది, అడిగేవాళ్ళు తక్కువ. అలా పన్నెండు మంది తేలారు. ఒక్కొక్కరి ప్రొఫైల్ పది నిమిషాలు చదివి, రెండో వాక్యాన్నీ ప్రశ్ననూ విడిగా రాసింది. మిగతాది అందరికీ ఒకటే. పన్నెండు మందిలో ఐదుగురు జవాబిచ్చారు, ఇద్దరు ఫోన్‌లో మాట్లాడారు. ఏడుగురు పలకలేదు. ఎంత బాగా రాసినా ఆ ఏడుగురు ఉంటారు. కొందరు లింక్డ్‌ఇన్ నెలకోసారి తెరుస్తారు, కొందరి ఇంట్లో ఏదో జరుగుతుంటుంది.

వెతికేటప్పుడు ఇద్దరు ఒకే టీమ్ వాళ్ళని గమనించి, ఒకరికి రాసి ఆగింది. మంచి పని చేసింది. ఒకే మెసేజ్ ఒకే టీమ్‌లో నలుగురికి వెళితే, టీ దగ్గర "నీకూ వచ్చిందా?" అని ఒకరు అనగానే నలుగురూ వదిలేస్తారు. మా దగ్గర ఇది జరగడం నేను చూశాను.

లింక్డ్‌ఇన్‌తో ఒక చిక్కు ఉంది. మన కనెక్షన్‌లో లేనివారికి డబ్బు కట్టకుండా పెద్ద మెసేజ్ పంపలేం. కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు చిన్న నోట్ పంపవచ్చు. ఉచిత ఖాతా అయితే అది 200 అక్షరాల లోపే, అదీ నెలకు కొద్దిమందికే. ఖాళీలూ లెక్కలోకే వస్తాయి. తెలుగు లిపిలో రాస్తే గుణింతం, వత్తు విడివిడిగా లెక్కపడతాయి. "నమస్తే" కంటికి మూడక్షరాలు, లెక్కకు ఆరు. అందుకని ఆమె పనిని రెండు భాగాలు చేసుకుంది. నోట్‌లో ఇంతే: "నమస్తే సర్, మన కాలేజీ ఈసీఈ ఫైనల్ ఇయర్. మీరు టెస్టింగ్ నుంచి వెరిఫికేషన్‌కి మారడం గురించి ఒక్క ప్రశ్న అడగవచ్చా?" నేను ఒప్పుకున్నాక అసలు మెసేజ్ పంపింది. ఇక్కడ చాలామంది జారిపోతారు. రిక్వెస్ట్ ఒప్పుకోగానే "థాంక్యూ సర్" అని ఊరుకుంటారు, లేదా మూడు వారాల తర్వాత రెజ్యూమె పంపుతారు. ఒప్పుకున్న రోజునే, మహా అయితే మర్నాడు, ప్రశ్న వెళ్ళాలి. అప్పటికి నాకు వాళ్ళు గుర్తుంటారు.

"హాయ్ సర్" అని పంపి నేను పలికేదాకా ఆగేవాళ్ళూ ఉన్నారు. ఎదురుపడినప్పుడు పలకరించి ఆగడం మన పద్ధతే. కానీ ఇక్కడ నేను "చెప్పమ్మా" అని రాసేది రాత్రికి, ఆమె చూసేది మర్నాడు, నేను మళ్ళీ చూసేది ఎల్లుండి. పలకరింపూ ప్రశ్నా ఒకే మెసేజ్‌లో రావాలి. పిలుపు సంగతి కూడా చెబుతాను. క్యాంపస్‌లో అన్నా, అక్కా అనుకుంటాం గానీ, ఎన్నడూ చూడని సీనియర్‌కి మొదటి మెసేజ్‌లో సర్, మేడమ్ అంటేనే బాగుంటుంది. "సర్ వద్దు, అన్నా అను" అని వాళ్ళే అంటారు, ఆ మాట వచ్చిందంటే ఫోన్‌లో మాట్లాడే చనువు కూడా దగ్గర్లో ఉన్నట్టే.

రిఫరల్ మాట మొదటి మెసేజ్‌లో ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి, ఎందుకంటే పిల్లలకు అవతలి వైపు ఏం జరుగుతుందో తెలియదు. నేను ఎవరినైనా రిఫర్ చేయాలంటే కంపెనీ పోర్టల్‌లో ఒక ఫారం నింపాలి. ఏ ఉద్యోగానికో దాని నంబర్ కావాలి. ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసు, ఎంతకాలంగా తెలుసు, వీరి పని మీరు చూశారా అని అడిగే ఫారాలు చాలా ఉంటాయి. ముక్కూమొహం తెలియని పిల్లవాడి గురించి అక్కడ ఏం రాయాలి? అబద్ధం రాయాలి, లేదా మెసేజ్ చూడనట్టు ఊరుకోవాలి. జనం రెండోది ఎంచుకుంటారు. పైగా రిఫరల్ అన్న మాట కనబడగానే పైనున్న ప్రశ్న కూడా అందుకోసమే పెట్టిన ముసుగులా అనిపిస్తుంది. అడగకూడదని కాదు. నాలుగైదు సార్లు మాట్లాడుకున్నాక, ఫలానా నంబర్ ఉద్యోగం పడింది, దానికి నేను సరిపోతానని ఈ రెండు కారణాల వల్ల అనుకుంటున్నాను, మీకు వీలైతే రిఫర్ చేస్తారా, లేకున్నా ఫర్వాలేదు సర్ అని సూటిగా అడగవచ్చు. అప్పటికి ఫారంలో రాయడానికి నా దగ్గర నిజం ఉంటుంది. ఈలోగా నేనే "ఉద్యోగం చూస్తున్నావా?" అని అడిగితే "అవును సర్" అనడమే మేలు.

జవాబు రాకపోతే ఎన్నాళ్ళు ఆగాలి? డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ విద్యార్థులకు ఉద్యోగ సలహాదారుగా పనిచేసిన స్టీవ్ డాల్టన్ 2012లో తెచ్చిన పుస్తకంలో ఒక లెక్క చెప్పాడు. మెయిల్ పంపిన మూడు పనిదినాలకు జవాబు రాకపోతే అదే సంస్థలో ఇంకొకరికి రాయాలి, ఏడు పనిదినాలకు మొదటివారికి ఒక్కసారి గుర్తుచేయాలి. ఒకరి కోసమే కూర్చోకుండా చేసే ఈ లెక్క నాకు నచ్చింది. గుర్తుచేసేటప్పుడు "సర్, నా మెసేజ్ చూశారా?" అంటే నిలదీసినట్టుంటుంది. ఆ అమ్మాయి పలకని ఒకరికి వారం తర్వాత ఇలా రాసింది: "నమస్తే మేడమ్, పోయిన వారం అడిగిన ప్రశ్నపై నేనే కొంత చదివాను, బేసిక్స్ వైపు మొగ్గుతున్నాను. మీ అనుభవం వేరుగా ఉంటే ఒక్క మాట చెప్పగలరా?" ఆ ఐదు జవాబుల్లో ఒకటి దీనికి వచ్చిందే. రెండోసారీ పలకకపోతే అక్కడితో వదిలేయాలి.

ఆడపిల్లలకు ఒక మాట. తెలియని మగవాళ్ళకు రాయడానికి ఇంట్లో భయపడతారు, ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. జాబితాలో మహిళా సీనియర్లను ముందు పెట్టుకోవచ్చు. ఫోన్ నంబర్ మొదట ఇవ్వనక్కర్లేదు, మాట్లాడటానికి వీడియో మీటింగ్ లింక్ చాలు. ఎదుటివారి మాటలు చదువూ పనీ దాటి సొంత విషయాల్లోకి మళ్ళితే జవాబు ఆపేయడానికి సంజాయిషీ అక్కర్లేదు.

మాట్లాడదామని ఎవరైనా ఒప్పుకుంటే సమయం వాళ్ళను వెతుక్కోనివ్వకూడదు. మన కాలేజీల సీనియర్లు చాలామంది అమెరికాలో ఉన్నారు, అక్కడ లెక్క తప్పుతుంటుంది. వేసవిలో మనకు రాత్రి 9 అయితే కాలిఫోర్నియాలో అదే రోజు ఉదయం 8.30. నవంబరు మొదట్లో వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు 7.30 అవుతుంది. రెండు సమయాలు, రెండు ఊళ్ళ లెక్కలోనూ రాసి పంపితే వాళ్ళు ఒకటి ఎంచుకుని "ఓకే" అంటారు. ఇరవై నిమిషాలు అడిగితే పద్దెనిమిదో నిమిషంలో "సర్, మీరిచ్చిన టైమ్ అయిపోవస్తోంది" అనాలి. ఆ మాట విన్న ప్రతిసారీ నేను మరో పది నిమిషాలు మాట్లాడాను.

ఆ అమ్మాయి ఇరవై రోజుల తర్వాత మళ్ళీ రాసింది. "సర్, ఫుల్ చెక్ చేశాను గానీ ఎంప్టీ వదిలేశాను. మీరు అడిగాక రాస్తే బగ్ దొరికింది. ఖాళీ ఫిఫో నుంచి చదివితే పాత డేటానే మళ్ళీ ఇస్తోంది." నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. నేను మెట్రోలో నిలబడి రాసిన ఒక్క వాక్యం ఎక్కడో హాస్టల్ గదిలో ఒక తప్పును పట్టించింది. సలహా అడిగినవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది ఆ సలహా ఏమైందో తిరిగి చెప్పరు. చెప్పినవాళ్ళకు రెండోసారి జవాబు ఇవ్వడానికి నేను అమీర్‌పేట దాకా ఆగను.

అప్పుడే ఆమె, "ఈ విషయంలో నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది సర్?" అని అడిగింది. బెంగళూరులో ఉన్న నా పాత సహోద్యోగి పేరు చెప్పాను. "మీ పేరు చెప్పవచ్చా సర్?" అని అడిగింది, చెప్పమన్నాను. ఆ మర్నాడు ఆవిడ నాకు ఫోన్‌లో ఆ మెసేజ్ చదివి వినిపించింది. అందులో మొదటి వాక్యం నా పేరుతో మొదలైంది, రెండోది ఫిఫోలో దొరికిన బగ్, మూడోది ప్రశ్న. "ఈ పిల్ల ఎవరు, బాగా అడిగిందే!" అంటూనే ఆవిడ జవాబు టైప్ చేస్తోంది.